ట్రే కాదమ్మా, దాని పైకప్పు చూడండి

ప్రశ్న: మాది చీమకుర్తి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొని ఐదేళ్ళయింది. నాలుగేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ప్రతి ఉతుకు తర్వాతా ట్రేలో సగం సబ్బుపొడి తడిసి ముద్దగా మిగిలిపోతోంది. కండిషనర్ పోసే గడిలో నీళ్ళు నిలిచి ఉంటున్నాయి. ట్రే తీస్తే లోపల నల్ల బూజు, ముక్క వాసన. ముదురు రంగు బట్టల మీద తెల్ల చారలు. పదిహేను రోజులకొకసారి ట్రే బయటికి తీసి తోముతున్నా నాలుగు ఉతుకులకే మళ్ళీ మొదటికి వస్తోంది. మేం వాడేది బోరు నీళ్ళు. కింది ఇల్లు అద్దెకిచ్చి పై అంతస్తుకు మారి ఏడాది కావస్తోంది. మెకానిక్ వచ్చి ట్రే పెట్టె మొత్తం మార్చాలన్నాడు. మార్చాలా, శుభ్రం చేస్తే సరిపోతుందా?
– ఒక గృహిణి, చీమకుర్తి

సమాధానం: ఇప్పుడే మార్చకండమ్మా. శుభ్రం చేస్తే చాలావరకు సరిపోతుంది, కానీ మీరు తోముతున్న చోట కాదు. జబ్బు ట్రేలో లేదు, ట్రే దూరే గూటి పైకప్పులో ఉంది. దానికి తోడు ఉత్తరం చివర్లో మాటవరసకు రాసిన ఇల్లు మారిన సంగతి ఉందే, నా అనుమానం ముందు దాని మీదికే వెళ్ళింది.

ట్రేలోకి నీళ్ళు ఎలా వస్తాయో ఒకసారి చూద్దాం. ట్రే పూర్తిగా బయటికి లాగి, ఖాళీ అయిన గూటిలోకి తల వంచి పైకి చూస్తే ప్లాస్టిక్ పైకప్పుకు వరసగా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. మెషీన్ నీళ్ళు తీసుకునేటప్పుడు ఆ రంధ్రాల నుంచి సన్నని ధారలు విసురుగా కిందికి పడి పొడిని తోసుకుపోతాయి. ఆ సబ్బునీళ్ళు ట్రే వెనక అంచు దాటి గూటి అడుగున పడి, అక్కడి నుంచి ముడతల రబ్బరు గొట్టం గుండా డ్రమ్ము ఉన్న తొట్టిలోకి దిగుతాయి. పొడిని కదిలించడానికి అక్కడ మోటారూ లేదు, చెంచా లేదు. ధారల విసురొక్కటే దిక్కు. రంధ్రాలు సగం పూడినా, నీళ్ళ తోపు తగ్గినా పొడి తడుస్తుంది కానీ కదలదు. తడిసి కదలని పొడి గంటలో ముద్ద అవుతుంది, మర్నాటికి గట్టిపడుతుంది, వారానికి బూజుకు ఇల్లవుతుంది.

ఇక మీ ఇంటి లెక్క. నీళ్ళు 33 అడుగుల ఎత్తు నుంచి దిగితే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. అంటే పది అడుగులకు 0.3 బార్. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్ల పుస్తకాల్లో కనీస ఒత్తిడి 0.3 అనో 0.5 అనో రాసి ఉంటుంది, మీ పుస్తకంలో ఎంతో ఒకసారి చూడండి. ఒక అంతస్తు పదిన్నర అడుగులనుకుందాం. రెండో స్లాబు మీద రెండడుగుల గట్టు, దాని మీద ట్యాంకు అనుకుంటే ట్యాంకు అడుగు నేలకు 23 అడుగుల ఎత్తులో ఉంటుంది. మెషీన్ వెనక పైపు తగిలించే చోటు మూడడుగుల ఎత్తు. మీరు కింద ఉన్నప్పుడు మెషీన్‌కు దక్కిన ఎత్తు 20 అడుగులు, అంటే 0.6 బార్. నాలుగేళ్ళు హాయిగా నడిచింది. పైకి మారాక మిగిలింది తొమ్మిదిన్నర అడుగులు, 0.3 కూడా నిండదు. అందులోనూ మలుపుల దగ్గర, కుళాయి దగ్గర కొంత పోతుంది. అదే మెషీన్, అదే పొడి, అవే నీళ్ళు. తోపు మాత్రం సగానికి పడిపోయింది. మీ ట్యాంకు ఎత్తు వేరైతే అంకెలు మారతాయి, లెక్క ఇదే.

ఈ పాఠం నాకు ఉచితంగా రాలేదు. చాలా ఏళ్ళ కిందట ఒంగోలు కర్నూలు రోడ్డు వైపు ఒక పై అంతస్తు ఇంట్లో ఇదే ఫిర్యాదుకు నేనే ట్రే పెట్టె మొత్తం మార్చాను. మూడో వారం ఫోను వచ్చింది, మళ్ళీ ముద్ద. అప్పుడు గానీ నీళ్ళు ఎంత వస్తున్నాయో చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఆవిడ డబ్బు వృథా చేసింది నేనే కాబట్టి మీ మెకానిక్‌ను తిట్టే అర్హత నాకు లేదు.

ముందు కంటితో చూడండి. ట్రేలో ఏమీ వేయకుండా మెషీన్ ఆన్ చేసి, నీళ్ళు పడుతున్న చప్పుడు రాగానే ట్రేను నాలుగు వేళ్ళ మేర మాత్రం బయటికి లాగి టార్చి వేయండి. అంతకు మించి లాగితే నీళ్ళు ముందుకు చిందుతాయి. ధారలు నిటారుగా, చురుగ్గా, అన్ని వైపులా పడుతున్నాయా? లేక కొన్ని రంధ్రాల నుంచే పడుతూ, మిగిలిన చోట పైకప్పు వెంట పాకి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయా? కొన్ని చోట్ల చురుగ్గా, కొన్ని చోట్ల అసలు లేకుండా ఉంటే రంధ్రాలు పూడాయి. అన్ని చోట్లా ఒకేలా నీరసంగా ఉంటే తోపు చాలడం లేదు. మీ ఇంట్లో రెండూ ఉంటాయని నా అంచనా, ఎందుకంటే బలహీనమైన ధార రంధ్రాన్ని కడగలేదు. కడగని రంధ్రం చుట్టూ గార కడుతుంది.

గార అన్నానే, అది బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పని. సబ్బుపొడిలో ఉండే సోడా ఆ కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని సున్నపు పొడిగా మారుతుంది. మన జిల్లా నీళ్ళనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు, ఈ తెల్ల పొరకు అది కారణం కాదు. మీ ఊళ్ళో వంటగట్టు నల్ల గ్రానైట్‌తోనే ఉంటుంది కనుక పరీక్ష సులువు. గట్టు మీద చెంచాడు బోరు నీళ్ళు పోసి తుడవకుండా ఆరనివ్వండి. తెల్లగా దళసరి వలయం మిగిలితే రంధ్రాల్లో చేరుతున్నది కూడా అదే.

ఇప్పుడు శుభ్రం చేసే పని. ముందుగా ప్లగ్గు తీసేయండి, కుళాయి కట్టేయండి. ట్రేను చివరిదాకా లాగితే ఒక చోట ఆగుతుంది. కండిషనర్ గడిలోనో దాని పక్కనో నొక్కమని గుర్తు వేసిన చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. దాన్ని వేలితో అదిమి లాగితే ట్రే చేతికి వస్తుంది. బలవంతంగా పెరికితే ఆ నాలుక విరుగుతుంది, అప్పుడు నిజంగానే కొత్త ట్రే కొనాలి.

అక్కడ మూడు రకాల మురికి ఉంటుంది, మూడింటికీ మందు ఒకటి కాదు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. జారుగా ఉండే ముద్ద కరగని సబ్బు. దానికి చేయి పట్టేంత వేడి నీళ్ళు చాలు, మరే మందూ అక్కర్లేదు. ట్రేను అరగంట బకెట్లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమితే పోతుంది. మరిగే నీళ్ళు మాత్రం పోయకండి. ట్రే వంకర తిరిగితే మళ్ళీ గూట్లోకి సరిగా దూరదు. రెండోది గరుకుగా, గోటికి ఊడకుండా ఉండే తెల్ల పొర, అది సున్నం. దానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు మందు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కరిగించి వాడితే పొర మీద సన్నని బుడగలు లేస్తాయి. బుడగలు లేచాయంటే సున్నం కరుగుతోందన్న మాట. ఈ నీళ్ళు పాలరాతి గచ్చు మీద పడితే మచ్చ పడుతుంది, చూసుకోండి. మూడోది నల్ల బూజు. ముద్ద, సున్నం పోయాక కూడా మచ్చలు మిగిలితేనే దానికి బట్టల బ్లీచ్ ద్రవం వాడాలి. ఒక వంతు ద్రవానికి పది వంతుల చల్లని నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది పది నిమిషాలు ఉంచి, బాగా కడగాలి.

ఒక హెచ్చరిక. నిమ్మ ఉప్పు, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, గొంతు, ఊపిరితిత్తులు మండిపోతాయి. ఈ రెండింటినీ ఒకే రోజు వాడనే వద్దు. ఇవాళ నిమ్మ ఉప్పుతో పని ముగించి, ఖాళీ మెషీన్‌ను ఒకసారి పూర్తిగా తిప్పి, బూజు పని మరో రోజు పెట్టుకోండి. పంచాయతీ వాళ్ళు బావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు కూడా ఇందులో వాడకండి. దానిలో ఉండేది సున్నమే, కరగని మడ్డి అడుగున దిగుతుంది. ఏ సున్నాన్ని తీయడానికి ఇంత తంటాలు పడ్డామో దాన్నే మళ్ళీ పోసుకున్నట్టవుతుంది. ఇంటర్నెట్‌లో చూసి వెనిగర్, వంటసోడా కలిపి పొంగించే వాళ్ళున్నారు. పొంగు చూడముచ్చటగా ఉంటుంది కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉత్త నీళ్ళే.

అసలు పని పైకప్పు దగ్గర. నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచి కొద్దిగా పిండిన పాత నూలు గుడ్డను మడిచి, రంధ్రాలకు ఆనేలా పైకి అదిమి, కింద నుంచి బోర్లించిన ప్లాస్టిక్ డబ్బానో మరేదో ఆనించి ఇరవై నిమిషాలు ఉంచండి. ద్రవం పైకప్పుకు అంటుకుని ఉండాలి, ఊరికే చల్లితే నిమిషంలో కారిపోతుంది. తర్వాత మెడ వంచిన బ్రష్‌తో రుద్దండి. టూత్ బ్రష్ మెడను కాసేపు వేడి నీళ్ళలో ఉంచితే వంగుతుంది. ఇంకా తెరుచుకోని రంధ్రాలను పళ్ళు కుట్టుకునే వెదురు పుల్లతో మెల్లగా పొడవండి. సూది, పిన్నీసు వద్దు, రంధ్రం పెద్దదైతే ధార చెదిరిపోతుంది. లోపల ఎంత పోయిందో కనపడకపోతే చిన్న అద్దం పెట్టి చూడండి, లేదా ఫోను కెమెరాను పైకి తిప్పి గూటి మొదట్లో పెట్టి ఫొటో తీయండి. మొదటిసారి ఆ ఫొటో చూసినవాళ్ళకు ఆ పూట అన్నం సయించదు, ముందే చెబుతున్నాను.

కండిషనర్ గడి సంగతి వేరే చెప్పాలి. ఆ గడిలో మధ్యన నిలబడిన చిన్న గొట్టం, దాని మీద టోపీలా ఒక మూత ఉంటాయి. నీళ్ళు గొట్టం అంచు దాటేంత వేగంగా పెరిగితే సైఫన్ పట్టుకుని గడి మొత్తాన్ని ఒక్క గుటకలో పీల్చేస్తుంది. నెమ్మదిగా పెరిగితే నీళ్ళు గొట్టంలోకి కొద్దికొద్దిగా కారిపోతాయి తప్ప సైఫన్ పట్టుకోదు, గడి నిండుగానే మిగులుతుంది. చాలా మెషీన్లలో ఈ గడికి ప్రత్యేకంగా వాల్వు ఉండదు. ప్రీవాష్ ధార, మెయిన్ వాష్ ధార రెండూ ఒకేసారి వచ్చి ఢీకొని మధ్యలోని ఈ గడి మీదికి మళ్ళుతాయి. రెంటిలో ఒకటి నీరసించినా గురి తప్పుతుంది. అందుకే తోపు తగ్గిన ఇంట్లో ముందుగా మొరాయించేది ఈ గడే. కొద్దిగా అడుగున నీళ్ళు మిగలడం మామూలే, సగానికి పైగా నిలిస్తేనే దోషం.

ఆ మూత పైకి లాగితే ఊడివస్తుంది. లోపల జిడ్డుగా పేరుకున్న పదార్థం ఉంటే వేడి నీళ్ళలో కడిగి, గొట్టంలోకి సన్నని బ్రష్ దూర్చి, మూతను మళ్ళీ చివరంటా నొక్కి పెట్టండి. మూత సగం లేచి ఉన్నా సైఫన్ పని చేయదు. పరీక్షకు ట్రేను సింకు మీద సమంగా పట్టుకుని గడిలో గ్లాసుడు నీళ్ళు ఒక్కసారిగా పోయండి. బుడబుడమని దిగిపోతే ట్రేలో తప్పు లేదు. ఇకపై చిక్కటి కండిషనర్‌కు సమానంగా నీళ్ళు కలిపి, గరిష్ఠ గీతకు కాస్త కిందికే ఆపండి. గీత దాటితే అది పోసిన వెంటనే సైఫన్ పట్టుకుని సబ్బు నీళ్ళలో కలుస్తుంది. సబ్బు, కండిషనర్ కలిస్తే మైనం లాంటి జిగురు పుడుతుంది, అదే గొట్టాల గోడలకు పట్టేది.

ఇక కింది గొట్టం. ట్రే లేకుండా గూటి అడుగున అర లీటరు గోరువెచ్చని నీళ్ళు చెంబుతో మెల్లగా పోయండి. పోసినవి పోసినట్టే దిగిపోతే దారి బాగుంది. ఒక క్షణం నిలిచి, గుడగుడమంటూ దిగితే లోపల జిగురు ఉంది. అలా రెండు లీటర్లు కొద్దికొద్దిగా పోసి, అరగంట ఆగి, ఖాళీ మెషీన్‌ను 60 డిగ్రీల వేడి నీళ్ళ మీద ఒకసారి తిప్పితే మెత్తటి జిగురు పోతుంది. అసలు దిగకుండా అంచుదాకా నిలిస్తే ఆపేయండి. మెషీన్ పై పలక తీసి గొట్టం విప్పాల్సిన పని అది, మెకానిక్‌కు వదలండి. పై పలక తీసేది మీరైతే మాత్రం నేను ఒప్పుకోను, లోపల కరెంటు తీగలు ఉంటాయి.

మెషీన్ వెనక నీళ్ళ పైపు మర తిప్పి ఊడదీస్తే, పైపు బిగించే మూతిలో వేలెడంత చిన్న జాలీ కనిపిస్తుంది. బోరు ఇసుక, తుప్పు అక్కడే చేరతాయి. దాన్ని ప్లయర్‌తో మెల్లగా లాగి, కుళాయి కింద వెనకనుంచి ముందుకు కడగండి. తిరిగి పెట్టేముందు ఒక కొలత తీసుకోండి. ఆ పైపు చివరను మెషీన్ మూతి ఎత్తులోనే పట్టుకుని పది లీటర్ల బకెట్ నింపండి, గడియారం చూడండి. నా అనుభవంలో నిమిషంన్నరలో నిండితే బాధ లేదు. రెండున్నర నిమిషాలు దాటితే ఎంత తోమినా నెలకొకసారి ముద్ద మళ్ళీ వస్తుంది.

అలా దాటితే చవకైన మార్గం నుంచి మొదలుపెట్టండి. ట్యాంకు నుంచి మెషీన్‌కు వచ్చే పైపు బాత్రూమూ వంటిల్లూ చుట్టి, అరంగుళం సైజులో వస్తుంటే, ట్యాంకు దగ్గర నుంచే ఒక అంగుళం పైపు నేరుగా దింపించండి. మలుపుల దగ్గర పోయేది ఆదా అవుతుంది. దానితో సరిపోకపోతే ఆ పైపు మీదే చిన్న ప్రెజర్ పంపు, నీళ్ళు కదలగానే తనంతట తాను తిరిగేది పెట్టించండి. ఒక బార్ ఇచ్చేది చాలు. మెషీన్లు సాధారణంగా అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. ట్యాంకును ఎత్తు చేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఐదడుగుల ఎత్తు పెంచినా వచ్చేది 0.15 బార్. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, ఇటుక స్తంభాల మీద దాన్ని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

పంపు వచ్చేదాకా ట్రేను కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఫ్రంట్ లోడ్‌కు పనికొచ్చే ద్రవ సబ్బును, డ్రమ్ములో పెట్టే చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పోసి బట్టల కింద ఉంచితే తోపుతో పనే లేదు. పొడే వాడాలంటే గుట్టగా కాక, పరిచినట్టు వేయండి. వేసే గడి రెండు నిలువు గీతలున్నదై ఉండాలి. ఒక గీత ఉన్న గడి ప్రీవాష్‌ది, ఆ ప్రోగ్రామ్ ఎంచకపోతే అందులో వేసిన పొడి నీళ్ళే చూడదు. చేతి ఉతుకు పొడి ఎంత చవకైనా వద్దు. నురగ పొంగి, నీళ్ళు దిగాల్సిన ఆ గొట్టం గుండానే పైకి ఎక్కి గూట్లోకి వస్తుంది. మీరు చెప్పిన ముక్క వాసనలో దీనికీ వాటా ఉండవచ్చు. పొడి వేసే ముందు ట్రేను చేత్తో తడిమి చూడండి. తడిగా ఉంటే పొడి నీళ్ళు రాకముందే అతుక్కుంటుంది. ఉతుకు అయ్యాక ట్రేను రెండంగుళాలు బయటికి లాగి వదిలేయండి. గూడు ఆరితే బూజు పట్టే వీలు తగ్గుతుంది.

బట్టల మీద చారలు సబ్బువా, సున్నానివా అన్నది కూడా తేల్చుకోవచ్చు. చార మీద నీళ్ళు పోసి వేలితో రుద్దితే జారుగా ఉంటే కరగని పొడి. జారు లేకుండా, నిమ్మ ఉప్పు నీళ్ళు చుక్క వేయగానే చురచురమంటే సున్నం. ట్రే బాగయ్యాక మొదటి రకం వారంలో ఆగుతుంది. రెండో రకం ఆగాలంటే పొట్లం మీద కఠిన జలానికి రాసిన కొలత ప్రకారం పొడి వేయాలి. తక్కువ వేస్తే సున్నం బట్ట మీదే దిగుతుంది.

పెట్టె నిజంగా మార్చాల్సిన సందర్భాలు రెండే. గూడు పగిలి మెషీన్ కింద నీళ్ళు కారుతుంటే ఒకటి, పైకప్పు పలక వంకర తిరిగి, శుభ్రం చేశాక కూడా ధారలు గడి బయట పడుతుంటే రెండోది. మెకానిక్‌ను మళ్ళీ పిలిచినప్పుడు ముందు ఆ బకెట్ కొలత చెప్పండి, తర్వాత పైకప్పు ఫొటో చూపించండి. ఆ రెండూ చూసి కూడా మార్చమంటే ఎక్కడ పగిలిందో వేలు పెట్టి చూపించమని అడగండి.